ఈ పీఆర్ ఎవరి చేతిలో ఆగింది?

సోమవారం ఉదయం పదిన్నర. హైదరాబాద్‌లో ఏదో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో స్టాండప్ మీటింగ్ జరుగుతోంది అనుకోండి. "ఆ బిల్లు రౌండింగ్ పని ఎంతవరకు వచ్చింది?" అని టీమ్ లీడ్ అడుగుతాడు. "పీఆర్ రివ్యూలో ఉందండీ" అంటుంది కోడ్ రాసిన అమ్మాయి. "అదేంటి, నేను మంగళవారమే చూసి మార్పులు చెప్పానుగా!" అంటాడు దాన్ని చూడాల్సిన సీనియర్. "అవి బుధవారమే చేసి పెట్టేశానన్నా" అంటుంది ఆమె. లీడ్ స్క్రీన్ తెరిచి చూస్తాడు. అక్కడ ఎర్ర అక్షరాల్లో `Changes requested` అని ఉంటుంది. "మార్పులు అడిగారని ఉంది కదా, అంటే నీ దగ్గరే ఉన్నట్టు" అని ఆమెకే తిప్పి చెప్పేస్తాడు.

ఆయన తీర్పు తప్పు. ఆ అమ్మాయి పని ఎప్పుడో అయిపోయింది. గురు, శుక్రవారాలు రెండూ ఆ పీఆర్ సీనియర్ కోసం ఎదురుచూస్తూ గడిచిపోయాయి. ఆయనకు ఆ సంగతే తెలియదు. ఇందులో బద్ధకస్తులెవరూ లేరు, అబద్ధాలాడినవారూ లేరు. స్క్రీన్ మీద కనబడే మాటను అది చెప్పని విషయానికి సమాధానంగా తీసుకోవడమే ఇక్కడ జరిగిన పొరపాటు.

సాఫ్ట్‌వేర్ రంగంతో పరిచయం లేనివారి కోసం ముందు పీఆర్ అంటే ఏమిటో చెప్పుకుందాం. పది మంది కలిసి రాసే ప్రోగ్రామ్‌లో ఎవరికి తోచినట్టు వారు నేరుగా అసలు కోడ్‌ను మార్చేయరు. తాము చేసిన మార్పును పక్కన పెట్టి, "దీన్ని అసలులో కలపండి" అని అడుగుతారు. ఆ అభ్యర్థన పేరే పుల్ రిక్వెస్ట్. ఆఫీసుల్లో అందరూ పీఆర్ అనే అంటారు. రాసినవారిని ఆథర్ అనీ, దాన్ని చదివి మంచిచెడులు చెప్పేవారిని రివ్యూయర్ అనీ పిలుస్తారు. రివ్యూయర్ ఒప్పుకుంటే మార్పు మెర్జ్ అవుతుంది, అంటే అసలు కోడ్‌లో కలిసిపోతుంది. లేకపోతే వెనక్కి వస్తుంది, ఆథర్ దిద్ది మళ్లీ పంపుతారు. ఇలా రెండు మూడు సార్లు అటూ ఇటూ తిరగడం మామూలే. తాలూకా కచేరీలో ఫైలు ఒక గుమాస్తా బల్ల మీంచి ఇంకో గుమాస్తా బల్ల మీదికి తిరిగినట్టే ఇది కూడా. తేడా ఒక్కటే. కాగితం ఫైలు ఒకేసారి రెండు బల్లల మీద ఉండదు కాబట్టి ఎక్కడుందో వెతికితే దొరుకుతుంది. పీఆర్ మాత్రం అందరి స్క్రీన్ల మీదా ఒకేసారి కనబడుతూ ఉంటుంది. అందుకే ప్రస్తుతం ఎవరి వంతు నడుస్తోందో చూడగానే తెలియదు.

ఇలాంటి పనికి ఎక్కువమంది వాడేది గిట్‌హబ్. రివ్యూయర్ తన అభిప్రాయం పంపేటప్పుడు అది మూడు దారులు చూపిస్తుంది. ఏ తీర్పూ ఇవ్వకుండా మాట మాత్రం చెప్పి వదిలేయాలంటే `Comment`. ఒప్పుకుంటే `Approve`. దిద్దితే తప్ప ఒప్పుకోననాలంటే `Request changes`. 2016లో వచ్చిన ఏర్పాటు ఇది. ఇక్కడ పట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. ఈ మూడూ రివ్యూయర్ చివరిసారి చూసినప్పుడు ఏమన్నాడో చెబుతాయి. ఆ తర్వాత ఆథర్ ఏం చేశారన్నది వాటిలో ఎక్కడా ఉండదు.

మన బిల్లు పీఆర్‌ను మొదటి నుంచి నడిపి చూద్దాం. ఒక దుకాణం యాప్‌లో పన్ను కలిపాక ఒక్కో వస్తువు ధర 33.335 రూపాయలు తేలింది. అలాంటివి మూడు కొన్నారు. ఒక్కోదాన్ని విడిగా పైసలకు సరిచేస్తే 33.34 చొప్పున మొత్తం 100.02 అవుతుంది. ముందు మూడూ కలిపి చివర్లో సరిచేస్తే 100.005 కాస్తా 100.01 అవుతుంది. ఒక్క పైసా తేడా. అయినా రోజుకు వేల బిల్లులు కొట్టే చోట సాయంత్రం లెక్క తేలకపోవడానికి ఆ పైసా చాలు. దాన్ని సరిచేస్తూ మన ఆథర్ సోమవారం ఉదయం పీఆర్ పెట్టి, సీనియర్‌ను రివ్యూ అడిగింది. వంతు రివ్యూయర్‌ది.

సోమవారం మధ్యాహ్నం ఆటోమేటిక్ పరీక్షలు నడిచాయి. ఒకటి ఫెయిలైంది. పీఆర్ మీద మాత్రం ఇంకా `Review required` అనే ఉంది, రివ్యూయర్ పేరు పక్కన పసుపు చుక్క అలాగే ఉంది. పైకి చూస్తే రివ్యూయర్ కోసం ఆగినట్టే కనబడుతుంది. అయితే పరీక్ష ఫెయిలైన కోడ్‌ను ఏ సీనియరూ చదవడానికి ఇష్టపడడు. ఎలాగూ మారబోయే దాని మీద సమయం ఎందుకు పెట్టాలి? కాబట్టి వంతు నోరు మెదపకుండానే ఆథర్‌కు తిరిగి వచ్చేసింది. సాయంత్రానికి ఆమె పరీక్షను సరిచేసింది, ఆకుపచ్చ టిక్కు పడింది. వంతు మళ్లీ రివ్యూయర్‌కు వెళ్లింది. ఈ రాకపోకలు జరుగుతున్నంతసేపూ పైన కనబడే మాట ఒక్కసారి కూడా మారలేదు.

మంగళవారం రివ్యూయర్ చదివాడు. మూడు మాటలు రాశాడు. డబ్బును దశాంశాల్లో కాక పైసల్లో పూర్ణ సంఖ్యగా పెట్టమన్నది మొదటిది. ఒక ఫంక్షన్ పేరు మార్చమన్నది రెండోది. "వస్తువువారీగా సరిచేయాలా, మొత్తం మీదనా? అకౌంట్స్ వాళ్లు ఏమన్నారు?" అన్న ప్రశ్న మూడోది. `Request changes` నొక్కి పంపాడు. వంతు స్పష్టంగా ఆథర్‌ది. కానీ అదే క్షణంలో ఇంకొకటి కూడా జరిగింది. రివ్యూ పంపగానే "ఇతని రివ్యూ కోసం ఎదురుచూస్తున్నాం" అన్న జాబితాలోంచి ఆయన పేరు తొలగిపోయింది. అడిగారు, ఇచ్చాడు, లెక్క చెల్లు. గిట్‌హబ్ ఆలోచన ఇదే.

బుధవారం ఆథర్ మొదటి రెండు మార్పులూ చేసి పుష్ చేసింది. రెండింటి కిందా "చేశాను" అని రాసింది. మూడో దాని కింద "అకౌంట్స్ వాళ్లు మొత్తం మీదే అన్నారు, అలాగే ఉంచాను, సరేనా?" అని అడిగింది. ఎవరి దృష్టిలోనైనా ఇక వంతు రివ్యూయర్‌దే. కానీ ఎర్ర `Changes requested` అలాగే నిలిచిపోయింది. కొత్త కోడ్ వచ్చినంత మాత్రాన అది చెరగదు. ఆయనే తిరిగి వచ్చి ఒప్పుకోవాలి, లేదా అధికారమున్నవారు ఆ రివ్యూను రద్దు చేయాలి. ఆయన రోజూ ఉదయం తెరిచే "నన్ను రివ్యూ అడిగినవి" అన్న జాబితాలో ఈ పీఆర్ లేదు, ఎందుకంటే ఆయన పేరు మంగళవారమే తొలగిపోయింది. ఈమెయిల్ వెళ్లే ఉంటుంది. రోజుకు వందల నోటిఫికేషన్లు వచ్చే చోట అది ఎక్కడో అడుగున పడి ఉంటుంది.

నా దృష్టిలో ఈ వ్యవహారంలో అన్నిటికన్నా ఎక్కువ రోజులు తినేసే గొయ్యి ఇదే. దాటడానికి చిన్న ఉపాయం గిట్‌హబ్‌లోనే ఉంది. పీఆర్ కుడి పక్కన రివ్యూయర్ పేరు దగ్గర గుండ్రంగా తిరిగే బాణాల గుర్తు ఉంటుంది. నొక్కితే మళ్లీ రివ్యూ అడిగినట్టు. ఆయన పేరు పక్కకు పసుపు చుక్క తిరిగొస్తుంది, పీఆర్ ఆయన జాబితాలోకి మళ్లీ చేరుతుంది. "కామెంట్స్ అన్నీ అడ్రస్ చేశాను" అని రాసి ఊరుకోవడానికీ ఆ గుర్తు నొక్కడానికీ మధ్య తేడా ఏమిటంటే, మొదటిది మనిషి చదివితేనే తెలుస్తుంది, రెండోది గిట్‌హబ్‌కు కూడా తెలుస్తుంది. చాలామంది కొత్తవాళ్లకు ఆ గుర్తు ఉన్నట్టే తెలియదు. తెలిసినవాళ్లలో కొందరు "సీనియర్‌ను తొందరపెట్టినట్టు ఉంటుందేమో" అని మొహమాటపడతారు. మొహమాటం సంగతి ఎలా ఉన్నా, ఆ నొక్కుతో వంతు ఎవరిదో ఇద్దరి స్క్రీన్ల మీదా ఒకేలా కనబడుతుంది.

దీనికి పూర్తిగా తిరగబడ్డ రకం కూడా ఒకటుంది. కొందరు రివ్యూయర్లు మర్యాదస్తులు. `Request changes` అన్న ఎర్ర ముద్ర వేయడం కఠినంగా ఉంటుందని, ఎంత పెద్ద తప్పు చూసినా `Comment` తోనే పంపుతారు. రివ్యూ తప్పనిసరి అని నియమం పెట్టుకున్న ప్రాజెక్టులో అప్పుడు పీఆర్ మీద `Review required` అనే ఉంటుంది. జాబితా చూసే లీడ్‌కు ఇంకా ఎవరూ చూడనట్టు కనబడుతుంది. లోపల చూస్తే ఆథర్ చేయాల్సిన మార్పులు ఆరేడు పేరుకుని ఉంటాయి. మొదటి రకంలో ఆథర్ దగ్గరున్నట్టు కనబడి రివ్యూయర్ దగ్గర ఆగుతుంది, ఇక్కడ రివ్యూయర్ దగ్గరున్నట్టు కనబడి ఆథర్ దగ్గర ఆగుతుంది. అందుకే రంగును చూసి పీఆర్‌లను రెండు కుప్పలు చేస్తే, రెండు కుప్పల్లోనూ తప్పులు పడతాయి.

ఈ రెండింటికన్నా విచిత్రమైనది మూడోది. గిట్‌హబ్‌లో ఒక వరుస మీద మాట రాసేటప్పుడు `Start a review` నొక్కితే, అది అప్పటికప్పుడు వెళ్లదు. మాటలన్నీ పోగేసి చివర్లో `Submit review` నొక్కితేనే ఒకేసారి వెళతాయి. ఈలోపు అవి రాసినవారికి మాత్రమే కనబడతాయి, పక్కన `Pending` అన్న చిన్న చీటీతో. శుక్రవారం సాయంత్రం నాలుగు మాటలు రాసి, ఫోన్ వచ్చి లేచి, చివరి నొక్కు మర్చిపోయిన రివ్యూయర్‌కు తన మాటలన్నీ స్క్రీన్ మీద కనబడుతూనే ఉంటాయి. "చెప్పానుగా!" అని ఆయన నమ్మకం. ఆథర్ వైపు ఒక్క అక్షరం కూడా లేదు. "ఇంకా చూడలేదు" అని ఆమె నమ్మకం. ఇద్దరూ ఒకే పేజీ తెరిచి వేర్వేరు దృశ్యాలు చూస్తుంటారు. బయటినుంచి ఏ లెక్కతోనూ దీన్ని పట్టుకోలేం. రివ్యూయర్‌ను అడిగి, ఆయన స్క్రీన్ చూడడమొక్కటే మార్గం. "నేను చెప్పాను", "నాకు రాలేదు" అన్న వాదన వినబడగానే ముందు `Pending` చీటీ కోసం వెతకమంటాను.

మరి బయటినుంచి చూసి వంతు ఎవరిదో ఎలా తేల్చాలి? మొట్టమొదట తోచే సూత్రం సులువైనదే. ఇద్దరిలో చివరగా ఏదైనా చేసింది ఎవరో చూడాలి. చివరి కదలిక ఆథర్‌దైతే వంతు రివ్యూయర్‌ది, రివ్యూయర్‌దైతే ఆథర్‌ది. మన బిల్లు పీఆర్‌లో చివరి రివ్యూ మంగళవారం, చివరి పుష్ బుధవారం. కాబట్టి రివ్యూయర్‌దే. ఎర్ర అక్షరాలను పట్టించుకోకుండా తేదీలు మాత్రమే చూసుంటే లీడ్‌కు నిజం తెలిసేది.

సూత్రం మంచిదే గానీ, "కదలిక" అంటే ఏది అన్న దగ్గర చిక్కు వస్తుంది. రివ్యూయర్ "రేపు చూస్తాను" అని రాస్తే చివరి మాట ఆయనదే, వంతు కూడా ఇంకా ఆయనదే. ఆథర్ "ఊరెళ్తున్నాను, సోమవారం దిద్దుతాను" అన్నా అంతే, మాట పడింది గానీ వంతు మారలేదు. ఆథర్ `Update branch` బటన్ నొక్కితే కొత్త కమిట్ ఒకటి చేరుతుంది. నిజానికి ఆమె చేసిందల్లా అసలు కోడ్‌లో వచ్చిన తాజా మార్పులను తన దానిలోకి తెచ్చుకోవడమే, రివ్యూయర్ అడిగిన దాంట్లో ఒక్కటీ చేయలేదు. పరీక్షలు నడిపే బాట్‌లు, లేబుళ్లు అతికించే బాట్‌లు గంటకోసారి పీఆర్‌ను కదిలిస్తుంటాయి. అందుకే జాబితాలో కనబడే "చివరిగా మారిన సమయం" మీద ఆధారపడితే ఏమీ తేలదు. మనుషుల కదలికలను మాత్రమే ఏరాలి, వాటిలోనూ పనికి సంబంధించినవే లెక్కలోకి తీసుకోవాలి.

కమిట్ మీద ఉండే తేదీ మరో మోసం. ప్రతి కమిట్‌కూ గిట్ రెండు తేదీలు దాచుకుంటుంది. ఒకటి మొదట రాసిన సమయం, రెండోది ఆ కమిట్ ఇప్పుడున్న రూపానికి వచ్చిన సమయం. రెండూ ఆథర్ కంప్యూటర్‌లో పడ్డవే. ఆదివారం రాత్రి ఇంట్లో కమిట్ చేసి మంగళవారం పుష్ చేస్తే, రివ్యూయర్ సోమవారం చెప్పిన మాటకన్నా ముందే ఆ మార్పు వచ్చినట్టు లెక్క తేలుతుంది. స్క్రిప్టు రాసుకుని ఈ పని చేసే టీములు మొదట బోల్తా పడేది ఇక్కడే. కమిట్ తేదీని కాక, అది సర్వర్‌కు చేరిన సమయాన్ని చూడాలి.

ఏదైనా ఒక పీఆర్ మీద సందేహం వస్తే, గిట్‌హబ్ కమాండ్ లైన్ సాధనం ఉన్నవారు ఈ ఒక్క వరుసతో కావాల్సినవి చాలావరకు తెప్పించుకోవచ్చు:

```
gh pr view 412 --json isDraft,mergeable,statusCheckRollup,reviewRequests,latestReviews
```

వచ్చిన జవాబును ఏ వరుసలో చదువుతామన్నది ముఖ్యం. ముందు డ్రాఫ్టా అని చూడాలి. డ్రాఫ్ట్ అయితే ఆథర్ ఇంకా అప్పగించనే లేదు. తర్వాత అసలు కోడ్‌తో గొడవపడుతోందా, పరీక్ష ఏదైనా ఫెయిలైందా చూడాలి. రెంటిలో ఏది ఉన్నా సాధారణంగా వంతు ఆథర్‌దే. ఇక్కడ ఒక మినహాయింపు ఉంది, ఆమె కోడ్‌తో సంబంధం లేకుండా ఎప్పుడూ ఫెయిలయ్యే పరీక్షలు కొన్ని ప్రాజెక్టుల్లో ఉంటాయి. వాటికి ఆమెను బాధ్యురాలిని చేస్తే అన్యాయం. ఆ తర్వాత `reviewRequests` లో ఎవరి పేరైనా ఉందా చూడాలి. ఉంటే ఎవరో ఎవరినో స్పష్టంగా అడిగారన్నమాట, వంతు వారిదే. ఇవేవీ తేల్చనప్పుడే తేదీల లెక్కకు వెళ్లాలి. తీర్పు రంగును చివరన చూసినా చాలు.

రివ్యూయర్లు తమ దగ్గర తప్పిపోయిన పీఆర్‌లను పట్టుకోవడానికి గిట్‌హబ్ వెతుకులాట పెట్టెలో ఈ వరుస వేస్తే సరిపోతుంది:

```
is:open is:pr reviewed-by:@me review:changes_requested sort:updated-asc
```

"నేను చూసినవి, మార్పులు అడిగిన దగ్గరే నిలిచినవి, పాతవి ముందు" అని దీని అర్థం. వచ్చిన వాటిలో కొన్ని నిజంగానే ఆథర్ల దగ్గర ఉంటాయి. మిగతావి బుధవారం నాటి మన పీఆర్ లాంటివి. వారానికోసారి ఐదు నిమిషాలు వీటి మీద పెడితే మామూలు జాబితాలో ఎన్నటికీ కనబడనివి బయటపడతాయి.

పెద్ద ప్రాజెక్టులు ఈ సమస్యను ఇలా చేతితో వెతుక్కుంటూ కూర్చోలేవు. పైథాన్ భాషనే తీసుకోండి. దాని అసలు కోడ్ 2017 ఫిబ్రవరిలో గిట్‌హబ్‌కు మారింది. అక్కడ కొన్ని పదుల మంది కోర్ డెవలపర్లు, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చే పీఆర్‌లు. ఎవరి వంతో గుర్తుపెట్టే పనిని వాళ్లు ఒక బాట్‌కు అప్పగించారు. దాని పేరు బెడెవీర్. పైథాన్ పేరు ఏ బ్రిటిష్ హాస్య బృందం నుంచి వచ్చిందో, ఆ బృందం తీసిన సినిమాలోని ఓ వీరుడి పేరు అది.

బెడెవీర్ ప్రతి పీఆర్‌కూ ఒక లేబుల్ అతికిస్తుంది. ఇంకా ఎవరూ చూడకపోతే `awaiting review`. కోర్ డెవలపర్ కానివారు చూసి ఉంటే `awaiting core review`. కోర్ డెవలపర్ మార్పులు అడిగితే `awaiting changes`. ఆథర్ ఆ మార్పులు చేశాక `awaiting change review`. ఒప్పుకున్నాక `awaiting merge`. వీటిలో గిట్‌హబ్ దగ్గర లేనిది నాలుగోది. మార్పులు అడిగారు, ఆథర్ చేసేశారు, మళ్లీ చూడాలి అన్న స్థితి అది. మన బిల్లు పీఆర్ గురు, శుక్రవారాల్లో ఉన్న స్థితి సరిగ్గా అదే. దానికి ఒక పేరంటూ ఉండి ఉంటే లీడ్ పొరబడేవాడు కాదు.

మూడో స్థితి నుంచి నాలుగో స్థితికి పీఆర్ ఎలా వెళుతుంది? కోడ్ పుష్ చేసినంత మాత్రాన వెళ్లదు. ఆథర్ ఒక నిర్ణీత వాక్యం కామెంటుగా రాయాలి:

```
I have made the requested changes; please review again
```

అడిగిన మార్పులు చేశాను, మళ్లీ చూడండి అని. ఇది కనబడగానే బాట్ లేబుల్ మార్చి, మార్పులు అడిగిన కోర్ డెవలపర్‌ను పేరుపెట్టి పిలుస్తుంది. మార్పులు అడిగిన వెంటనే, పని పూర్తయ్యాక ఈ వాక్యం రాయమని ఆథర్‌కు చెప్పేది కూడా ఆ బాటే. మొదటిసారి చూసేవారికి ఇదంతా మంత్రం చదివినట్టు కాస్త వేళాకోళంగా అనిపిస్తుంది. కానీ దీని వెనక ఆలోచన గట్టిది. ఒక పుష్ వచ్చినప్పుడు అది సగం పనా, పూర్తి పనా అన్నది యంత్రానికి తెలియదు, ఆథర్‌కు మాత్రమే తెలుసు. తెలిసినవారినే చెప్పమనడం ఊహించడం కన్నా నయం. ఆథర్ ఆ వాక్యం మర్చిపోతే పీఆర్ `awaiting changes` లోనే ఉండిపోతుంది, నిజమే. కానీ అలా ఆగినప్పుడు కారణం ఒక్కటే, ఎవరు చూసినా గుర్తుపట్టగలిగేది, ఒక్క వాక్యంతో పోయేది.

ఫేస్‌బుక్‌లో పుట్టిన ఫాబ్రికేటర్ అనే సాధనం దీనికి ఎదురు దారి పట్టింది. అందులో మార్పులు అడిగితే `Needs Revision`, ఆథర్ కొత్త కోడ్ ఎక్కించగానే దానంతటదే `Needs Review`. మంత్రం అక్కర్లేదు. బదులుగా సగం పని ఎక్కించినా రివ్యూయర్ వరుసలోకి వెళ్లిపోతుంది. అలా కాకుండా ఉండడానికి, ఇంకా మార్చబోతున్నాను అని ఆథరే చెప్పే `Changes Planned` అనే స్థితిని పెట్టారు. అంటే ఎక్కడో ఒకచోట ఆథర్ నోరు తెరవక తప్పలేదు. ఈ సాధనం అభివృద్ధి 2021లో ఆగిపోయింది. దాన్నే వాడుతూ వచ్చిన ఎల్ఎల్‌వీఎం కంపైలర్ ప్రాజెక్టు 2023లో గిట్‌హబ్ పీఆర్‌లకు మారింది.

ఆండ్రాయిడ్, క్రోమియం కోడ్ రివ్యూలు నడిచేది గెరిట్ అనే మరో సాధనం మీద. 2020లో వచ్చిన 3.3 వెర్షన్‌తో అది "అటెన్షన్ సెట్" అనే పద్ధతి తెచ్చింది. నాకు తెలిసినంతలో ఈ ప్రశ్నను నేరుగా ఎదుర్కొన్న ఏర్పాటు ఇదే. ఇది పీఆర్ ఏ స్థితిలో ఉందని అడగదు, ఎవరి వంతు అని మాత్రమే అడుగుతుంది. వంతు ఉన్నవారి పేరు పక్కన బాణం లాంటి గుర్తు పడుతుంది, వారి ముందుపేజీలో `Your Turn` అన్న శీర్షిక కింద ఆ మార్పు కనబడుతుంది. రివ్యూయర్‌గా చేర్చగానే ఆయనకు గుర్తు పడుతుంది. ఆయన జవాబు పంపగానే గుర్తు ఆయన మీంచి లేచి ఆథర్ మీద పడుతుంది. ఆథర్ జవాబు పంపితే మళ్లీ అటు. బాట్‌ల మాటలకు వంతు రాదు.

మనుషులు చేయి వేయడానికి అందులో వీలుండడం నాకు బాగా నచ్చిన సంగతి. జవాబు పంపే ముందు, ఇప్పుడు వంతు ఎవరికి వెళ్లబోతోందో గెరిట్ చూపిస్తుంది, నచ్చకపోతే మార్చవచ్చు. "రేపు చూస్తాను" అని రాసే రివ్యూయర్ వంతును తన దగ్గరే ఉంచుకోవచ్చు. ఇద్దరు రివ్యూయర్లలో ఒకరి ప్రశ్నకే జవాబిచ్చిన ఆథర్ ఆ ఒక్కరినే పిలవవచ్చు. తేదీల సూత్రం తడబడే చోట్లన్నీ ఇలా ఒక క్లిక్కుతో సర్దుకుంటాయి. దానికీ ఒక హద్దు ఉంది. వంతు ఎవరిదో అది చెబుతుంది గానీ, తన వంతు వచ్చినవారు పట్టించుకోకపోతే ఏమీ చేయలేదు.

ఈ తేడా పట్టనప్పుడు నష్టపోయేది ఎక్కువగా బయటినుంచి వచ్చి స్వచ్ఛందంగా కోడ్ ఇచ్చేవారు. చాలా ప్రాజెక్టులు గిట్‌హబ్ వారి `actions/stale` అనే ఏర్పాటు పెట్టుకుంటాయి. మామూలు అమరికలో అది 60 రోజులు కదలని పీఆర్‌కు పాతబడిందని ముద్ర వేసి, మరో 7 రోజులు చూసి మూసేస్తుంది. ఆథర్ వదిలేసి వెళ్లిన పీఆర్‌లను ఊడ్చేయడం దాని ఉద్దేశం. కానీ ఎవరి వల్ల ఆగిందో అది చూడదు. అడిగినవన్నీ చేసి, రెండు నెలలుగా రివ్యూయర్ కోసం కూర్చున్న కాలేజీ కుర్రాడి పీఆర్ కూడా అదే చీపురుకు చిక్కుతుంది. "కదలిక లేనందున మూసివేస్తున్నాం" అని బాట్ రాస్తుంది. కదలాల్సింది అతను కాదు. ఇంకోసారి అటువైపు రాడు.

పైథాన్‌లోలా వంతు లేబుళ్లు ఉంటే దీన్ని రెండు వరుసల్లో సరిచేయవచ్చు:

```
only-pr-labels: "awaiting changes"
days-before-pr-stale: 30
```

ఆథర్ దగ్గర ఆగినవాటి జోలికే బాట్ వెళుతుంది. రివ్యూయర్ దగ్గర ఆగినవి ఎన్నాళ్లయినా తెరిచే ఉంటాయి. ఆ రెండో కుప్పకు మూసివేత కాదు, వేరే లెక్క కావాలి. చివరిసారి వంతు రివ్యూయర్‌కు వచ్చిన రోజు నుంచి ఎన్ని రోజులైందో లెక్క వేయాలి తప్ప, పీఆర్ తెరిచిన రోజు నుంచి కాదు. మన బిల్లు పీఆర్ వయసు సోమవారానికి ఏడు రోజులు. రివ్యూయర్ ఖాతాలో పడేది అందులో బుధవారం తర్వాతి రెండు పనిదినాలే. సగటు వయసులు చూపించే డ్యాష్‌బోర్డులు ఈ రెండింటినీ కలిపేసి ఒకే అంకె చూపిస్తాయి. దాంతో నిదానంగా దిద్దే ఆథర్లున్న టీముకూ, నిదానంగా చదివే రివ్యూయర్లున్న టీముకూ ఒకే మార్కులు పడతాయి. మొదటి టీములో పీఆర్‌లను చిన్నవిగా విడగొట్టుకోమని చెప్పాలి. రెండో టీములో ఒక్క సీనియర్ మీదే పడుతున్న రివ్యూలను ఇంకో ఇద్దరికి పంచాలి.